36 అంగుళాల రోల్, 841 మిల్లీమీటర్ల షీటు: ప్లాటర్ కాగితం వెనక కథ

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలవుతుంది.

మా బాబాయ్ కొడుకు సివిల్ చేశాడు, సైట్ ఇంజనీర్. ఒకరోజు సాయంత్రం ఫోన్ చేసి, "అన్నా, నేను సైట్ దగ్గర ఇరుక్కుపోయా, పొద్దున్నే డ్రాయింగ్స్ సబ్మిట్ చెయ్యాలి, నువ్వెళ్లి ప్లాట్ తీయించవా" అన్నాడు. పన్నెండు పీడీఎఫ్ ఫైళ్లు: రెండు ఏ1, నాలుగు ఏ2, ఆరు ఏ3. నేను కంప్యూటర్ సైన్స్ వాణ్ణి, ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసు తర్వాత పెద్ద షీటు ముట్టుకుంటే ఒట్టు. ప్రింటే కదా, ఏముందిలే అని వెళ్లా.

షాపులో అన్న ఇంకో కస్టమర్‌తో బిజీగా ఉండి, "ఆ సిస్టమ్ నుంచి పంపెయ్ తమ్ముడూ" అన్నాడు. పంపాను. ప్లాటర్ కదల్లేదు. అరనిమిషం, నిమిషం చూశా. హ్యాంగ్ అయిందనుకుని పన్నెండూ మళ్లీ పంపాను. ఇంకో రెండు నిమిషాలకు మెషిన్ మొదలుపెట్టింది, ఇక ఆగలేదు. పన్నెండు కాదు, ఇరవై నాలుగు డ్రాయింగులు. పైగా విడివిడిగా కాదు, పక్కపక్కన అతుక్కుని పెద్ద పెద్ద ముక్కలుగా వచ్చాయి.

అన్న చూసి నవ్వాడు. "నెస్టింగ్ ఆన్‌లో ఉంది తమ్ముడూ. పక్కన ఇంకేమైనా వస్తదేమోనని అది ఎదురుచూస్తది." తర్వాత నా చేతికి స్కేలూ కట్టరూ ఇచ్చాడు. ఆ కట్టింగ్‌లో ఇంకో తప్పు చేశా, అది చివర్లో చెప్తా. ఎందుకంటే ఆ తప్పు అర్థం కావాలంటే మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. షీటు కొలతలు మిల్లీమీటర్లలో ఉంటే రోల్ అంగుళాల్లో ఎందుకుంది? ప్రింటర్ ఎందుకు ఎదురుచూస్తుంది? మెషిన్‌లోనే కట్టర్ ఉండగా నా చేతికి కట్టర్ ఎందుకొచ్చింది?

ముందు షీటు సంగతి. 1786 అక్టోబర్ 25న జర్మనీలోని గోటింగెన్‌లో లిష్టెన్‌బర్గ్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ తన మిత్రుడు బెక్‌మన్‌కి ఒక ఉత్తరం రాశాడు. తన దగ్గర ఆల్జీబ్రా నేర్చుకునే ఒక ఇంగ్లిష్ కుర్రాడికి ఈయన ఒక లెక్క ఇచ్చాడట. ఒక కాగితాన్ని సగానికి మడిస్తే వచ్చే ముక్కకీ, మళ్లీ మడిస్తే వచ్చే ముక్కకీ అదే ఆకారం ఉండాలి. అంటే పొడవు వెడల్పుల నిష్పత్తి మారకూడదు. అలాంటి కాగితం కొలత ఏంటి? జవాబు 1 : √2. తీరా చూస్తే తాము వాడే రాత కాగితమే దాదాపు ఆ నిష్పత్తిలో ఉందని ఆయన గమనించాడు.

మామూలు దీర్ఘచతురస్రాన్ని సగం చేస్తే ఆకారం మారిపోతుంది. 24 × 36 షీటు తీసుకోండి, నిష్పత్తి ఒకటికి ఒకటిన్నర. సగం చేస్తే 18 × 24, అంటే ఒకటికి ఒకటీ మూడోవంతు. పెద్ద షీటు మీద గీసిన బొమ్మని ఈ సగం షీటు మీదకి కుదిస్తే ఒక పక్క ఖాళీ మిగులుతుంది. √2 షీటుకి ఆ బాధ లేదు.

దీన్ని దేశం మొత్తానికి ప్రమాణంగా మార్చిన పని వాల్టర్ పోర్ట్స్‌మన్‌ది. 1922లో వచ్చిన డిన్ 476 అనే జర్మన్ ప్రమాణం ఆయన చేతి పనే. అందులో మొదలు ఏ0. వైశాల్యం ఒక చదరపు మీటర్, ఆకారం √2. ఆ రెండు షరతులూ కలిస్తే 841 × 1189 మిల్లీమీటర్లు. దాన్ని సగం చేస్తే ఏ1, 594 × 841. ఇంకో సగం ఏ2, 420 × 594. ఇంకో సగం ఏ3, 297 × 420. మీ ఇంట్లో ప్రింటర్‌లో ఉండే ఏ4 కూడా ఈ కుటుంబంలోదే. 1975లో ఇదే ఐఎస్ఓ 216 అయింది. మన ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీట్లూ ఈ కొలతల్లోనే ఉంటాయి.

ఈ వరసలో ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 841లో సగం 420.5. కానీ మిల్లీమీటర్లో సగం ఉంచకుండా కిందికి దించి 420 చేశారు. అంటే రెండు ఏ2లు పక్కపక్కన పెడితే 840. ఒక్క మిల్లీమీటర్ మిగులుతుంది. ఇది మళ్లీ వస్తుంది.

అమెరికా ఈ దారిలోకి రాలేదు. అక్కడ ఆర్కిటెక్ట్‌ల షీట్లు 24 × 36 అంగుళాలు, 36 × 48 అంగుళాలు. దానికి తగ్గట్టే రోళ్ల వెడల్పు కూడా 24 అంగుళాలు, 36 అంగుళాలు. పెద్ద ప్లాటర్లను ప్రపంచమంతా అమ్మిన కంపెనీల్లో ముఖ్యమైనవి అమెరికావే కాబట్టి మెషిన్ల వెడల్పూ ఆ లెక్కలోనే స్థిరపడింది. 24 అంగుళాలంటే సుమారు 610 మిల్లీమీటర్లు, 594 ఉన్న ఏ1 అందులో పడుతుంది. 36 అంగుళాలంటే 914, 841 ఉన్న ఏ0 అందులో పడుతుంది. పడుతుంది సరే, 914లోంచి 841 తీసేస్తే పక్కన 73 మిల్లీమీటర్ల స్ట్రిప్ మిగులుతుంది. నాలుగు వేళ్ల వెడల్పు, రోల్ మొదటి నుంచి చివరి దాకా. షాపు కింద చెత్తబుట్టలో కనిపించే పొడవాటి తెల్ల పట్టీలు చాలావరకు ఇవే.

ఇప్పుడు రెండో ప్రశ్న. దీనికి ప్లాటర్ల చరిత్రలోకి వెళ్లాలి, కానీ అన్ని మోడళ్లూ చెప్పను. మూడు చాలు.

1959లో కాల్‌కాంప్ 565 వచ్చింది. దానికి రోలే ఉండేది. వెడల్పు 11 అంగుళాలు, పొడవు 120 అడుగులు, రెండంచుల్లో వరసగా చిల్లులు. కాగితం ఒక డ్రమ్ము మీద ఉంటుంది. డ్రమ్ము ముందుకూ వెనక్కూ తిరుగుతుంది, పెన్ను అటూ ఇటూ జరుగుతుంది. ఒక్కో అడుగు అంగుళంలో నూరోవంతు. ఏటవాలు గీత అని మనకి కనిపించేది నిజానికి చిన్న చిన్న మెట్లు.

1981లో హెచ్‌పీ 7580ఏ వచ్చింది. నాకు పర్సనల్‌గా అన్నిటికంటే ఇష్టమైన ట్రిక్ ఇందులో ఉంది. చిల్లులు లేని మామూలు షీటుని వేగంగా ముందుకీ వెనక్కీ లాగాలి, ప్రతిసారీ గీత కచ్చితంగా అదే చోటికి రావాలి. కాగితం జారితే డ్రాయింగ్ పోయినట్టే. వాళ్లు ఏం చేశారంటే, ఉప్పుకాగితంలా గరుకుగా ఉండే చిన్న చక్రాలు పెట్టారు. మొదటిసారి కాగితం కదిలినప్పుడు ఆ గరుకు అంచు మీద కంటికి ఆనని గుంటలు పెడుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆ గుంటల్లోనే పళ్లు కూర్చుంటాయి. అంటే కాగితం తన చిల్లులు తానే చేసుకుంటుంది! మొదట కట్ షీట్లకే ఉన్నా, తర్వాత రోల్ వేసే పెన్ ప్లాటర్లూ వచ్చాయి.

పెన్ ప్లాటర్‌కి మనం చెప్పేది బొమ్మ కాదు, కదలికలు. హెచ్‌పీ-జీఎల్ అనే భాషలో ఒక ఏ3 చుట్టూ గీత గీయమంటే ఇలా ఉంటుంది. ఒక మిల్లీమీటర్‌కి 40 యూనిట్లు, కాబట్టి 420 అంటే 16800, 297 అంటే 11880.

```
IN;SP1;
PU0,0;
PD16800,0,16800,11880,0,11880,0,0;
PU;SP0;
```

ఒకటో పెన్ను తీసుకో, ఎత్తి పట్టుకుని మొదటి చోటికి వెళ్లు, దించి ఈ నాలుగు మూలలూ తిరుగు, మళ్లీ ఎత్తు. అంతే. దీని పక్కన ఇంకో ఏ3 కావాలంటే అంకెలకి ఒక దూరం కలిపి మళ్లీ పంపితే సరిపోతుంది. మొదటిది గీసేశాక కూడా, రోల్ ఇంకా కొయ్యకపోతే, పెన్ను వెనక్కి వెళ్లి పక్క ఖాళీలో గీయగలదు. ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

1991లో హెచ్‌పీ డిజైన్‌జెట్ వచ్చింది. అది ఇంక్‌జెట్, అంగుళానికి 300 చుక్కలు. ఇక్కడే ఆట మారింది. ఇంక్‌జెట్ గీత వెంట నడవదు. రోల్ అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకి ఒక పట్టీ చల్లుకుంటూ పోతుంది, కాగితం కొంచెం ముందుకి జరుగుతుంది, మళ్లీ ఇంకో పట్టీ. వెనక్కి తిరిగి రాదు. కాబట్టి పక్కపక్కన రెండు డ్రాయింగులు రావాలంటే, మొదటి పట్టీ చల్లేలోపే రెండో డ్రాయింగ్ కూడా మెషిన్ చేతిలో ఉండాలి. మొదలయ్యాక వచ్చిన ఫైలుకి పక్కన ఎంత ఖాళీ ఉన్నా చోటు లేదు.

చేతిలో ఉండటం అంటే మెమరీ. ఒక ఏ0ని 300 చుక్కల చొప్పున, నలుపు తెలుపుల్లో మాత్రమే పరిస్తే సుమారు 17 ఎంబీ. మీ ఫోన్‌లో నాలుగు ఫోటోలంత. కానీ 1991లో మామూలు పీసీ మొత్తం మెమరీ 2 నుంచి 4 ఎంబీ. అందుకే అప్పట్లో ప్లాటర్లు గీతల జాబితా దాచుకుని, ఒక్కో పట్టీకి సరిపడా చుక్కలు అప్పటికప్పుడు తయారుచేసుకునేవి. మెమరీ పెరిగి, లోపల హార్డ్ డిస్కులు వచ్చాకే పది జాబులు పట్టుకుని ఏది ఎక్కడ పెట్టాలో తీరిగ్గా ఆలోచించే దశ వచ్చింది.

సో, నేను హ్యాంగ్ అనుకున్నది ఇదన్నమాట. ఆ మెషిన్ మెనూలో `Nesting` కింద రెండు పద్ధతులున్నాయి. `In order` అంటే వచ్చిన వరసలోనే పక్కపక్కన సర్దుతుంది, వరస తప్పదు. `Optimized order` అంటే వరస మార్చి అయినా కాగితం ఆదా చేస్తుంది. రెండిట్లోనూ చివరి ఫైలు వచ్చాక కొంతసేపు ఆగుతుంది. షాపులో అది 2 నిమిషాలకు సెట్ అయి ఉంది. నేను మళ్లీ పంపిన ప్రతిసారీ ఆ గడియారం మళ్లీ మొదలైంది. నేనే దాన్ని ఇంకా ఆపాను, అది పాపం ఇంకా ఏదో వస్తోందనుకుంది.

ఇంకో షరతు కూడా ఉంది. పక్కపక్కన కూర్చోవాలంటే జాబుల సెట్టింగులు కలవాలి. ఒకటి డ్రాఫ్ట్ క్వాలిటీ, ఇంకోటి బెస్ట్ క్వాలిటీ అయితే కలపదు, ఎందుకంటే ఒకే పట్టీని రెండు వేగాలతో చల్లలేదు కదా. నెస్టింగ్ ఆన్‌లో ఉన్నా షీట్లు విడివిడిగా వస్తుంటే ముందు చూడాల్సింది ఇదే.

ఇప్పుడు మా తమ్ముడి పన్నెండు షీట్లతో లెక్క చూద్దాం. ఇది కాగితం మీద లెక్క, మెషిన్ జాబుల మధ్య కొన్ని మిల్లీమీటర్లు వదులుతుంది, దాన్ని పక్కనపెడదాం.

నెస్టింగ్ లేదు, షీట్లని తిప్పలేదు. 36 అంగుళాల రోల్ మీద ఒక్కో షీటు తన చిన్న అంచు అడ్డంగా వేసుకుని వస్తుంది. ఏ1లు 841 చొప్పున రెండు, ఏ2లు 594 చొప్పున నాలుగు, ఏ3లు 420 చొప్పున ఆరు. మొత్తం 6.58 మీటర్లు. ఏ3 వచ్చినప్పుడైతే 914లో 297 మాత్రమే వాడి, మిగతా రెండు వంతులు తెల్ల కాగితమే పోతోంది.

కేవలం తిప్పితే? అంటే పెద్ద అంచు అడ్డంగా. ఏ1లు 594 చొప్పున, ఏ2లు 420, ఏ3లు 297. మొత్తం 4.65 మీటర్లు. ఏ సర్దుబాటూ లేకుండా, ఒక్క `Rotate` ఆప్షన్‌తో దాదాపు రెండు మీటర్లు మిగిలింది. నెస్టింగ్ కంటే ముందు నొక్కాల్సిన బటన్ ఇది.

ఇప్పుడు నెస్టింగ్. ఏ2ని అడ్డంగా వేస్తే 594. పక్కన 320 ఖాళీ. అందులో ఏ3ని నిలువుగా పెడితే 297. రెండూ కలిపి 891, 914లో హాయిగా పడుతుంది. ఇంకా బాగున్నదేంటంటే ఇద్దరి ఎత్తూ 420. ఇలా నాలుగు జతలు. మిగిలిన రెండు ఏ3లు 420 అడ్డంగా పక్కపక్కన, ఎత్తు 297. ఏ1లు రెండూ విడిగా. మొత్తం 3.17 మీటర్లు. 45.7 మీటర్ల రోల్‌లో మొదటి పద్ధతికి ఇలాంటి సెట్లు 6 వస్తాయి, ఈ పద్ధతికి 14.

నా సాఫ్ట్‌వేర్ బుర్ర ఇక్కడితో ఆగలేదు. 36 అంగుళాల రోల్ కాకుండా సరిగ్గా 841 మిల్లీమీటర్ల రోల్ కూడా దొరుకుతుంది. అందులో 594, 297 కలిపే ట్రిక్ పనిచేయదు, 891 పట్టదు. సో అది నష్టమేమో అనుకున్నా. లెక్కేస్తే ఏ2లు రెండేసి పక్కపక్కన 840, ఏ3లు రెండేసి 840. మొత్తం పొడవు 3.27 మీటర్లు. పొడవు కొంచెం ఎక్కువే, కానీ రోల్ సన్నం కదా, వైశాల్యం చూడాలి. 36 అంగుళాల రోల్ మీద 2.89 చదరపు మీటర్లు, 841 రోల్ మీద 2.75. పన్నెండు డ్రాయింగుల అసలు వైశాల్యం 2.745. అంటే వృథా దాదాపు సున్నా. రెండు ఏ2లు ఒక ఏ1, రెండు ఏ3లు ఒక ఏ2. మడత పెట్టడానికి పుట్టిన నిష్పత్తి, మడత లేకుండా పరిచినా అలాగే అతికింది. అల్గారిథమ్ అక్కర్లేదు.

మరి షాపు అన్న 841 రోల్ ఎందుకు పెట్టట్లేదు? అడిగాను. 36 × 48 షీట్లు అడిగే ఆర్కిటెక్ట్‌లు ఉన్నారు, 36 అంగుళాలంటే 914, వాళ్లకి 841 సరిపోదు. రెండోది, 841లో 840 పడుతుందంటే మిగిలేది ఆ ఒక్క మిల్లీమీటర్. రోల్ లోడ్ చేసేటప్పుడు రవ్వంత వంకరగా వెళ్లినా అంచు షీటు పక్క పోతుంది. రోజంతా కరెక్టుగా లోడ్ చేసే ఓపిక ఉంటే పెట్టొచ్చు, లేకపోతే 36 అంగుళాల్లో పోయే ఆ పట్టీ ఇన్సూరెన్స్ అనుకోవాలి అన్నాడు. సెట్‌కి ఒక ఏ3 కంటే కొంచెం ఎక్కువ కాగితం, ఆ ఇన్సూరెన్స్ ఖరీదు.

ఇక కట్టర్. ప్లాటర్ లోపల ఒక చిన్న గుండ్రటి బ్లేడు ఉంటుంది, పట్టాల మీద ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తుతుంది. అది రోల్‌ని అడ్డంగా మాత్రమే కోస్తుంది. నిలువుగా కోయలేదు. కాబట్టి ఏ2, ఏ3 జత ఒకే ముక్కగా బయటకొస్తుంది. వాటిని విడదీయడం, పక్క స్ట్రిప్ తీసేయడం మనిషి పని. నెస్టింగ్ కాగితం ఖర్చుని తగ్గించి, ఆ ఖర్చులో కొంత మనిషి చేతికి మారుస్తుంది. మెనూలో `Crop lines` అని ఉంటుంది, ఎక్కడ కోయాలో చిన్న గీతలు వేస్తుంది. ఆ రోజు అది ఆఫ్‌లో ఉంది.

గీతలు లేకపోతే ఎక్కడ కోయాలి? రెండు డ్రాయింగుల ఫ్రేములకి మధ్యలో తెల్ల ఖాళీ ఉంటుంది. మధ్యకి స్కేలు పెట్టి కోశాను. ఏ2, ఏ3 జతలు నాలుగూ బ్రహ్మాండంగా వచ్చాయి. చివరి రెండు ఏ3లు కూడా అలాగే మధ్యలో కోశాను. అన్నీ పేర్చి చూస్తే ఆ రెండూ కలవలేదు. ఒకటి 425, ఇంకోటి 415.

ఎందుకంటే డ్రాయింగ్ షీటుకి మార్జిన్ అన్ని వైపులా ఒకటి కాదు. మూడు వైపులా 10 మిల్లీమీటర్లు, ఎడమవైపు మాత్రం 20, ఫైలింగ్ కోసం. ఏ2, ఏ3 జతలో ఏ3 తిరిగి ఉంది కాబట్టి అతుకు దగ్గర 10, 10 కలిశాయి, మధ్యలో కోస్తే సరిపోయింది. చివరి రెండు ఏ3లు మాత్రం తిరగకుండా పక్కపక్కన ఉన్నాయి. మొదటి దాని కుడి 10, రెండో దాని ఎడమ 20. మొత్తం 30. నేను 15 దగ్గర కోశా, కోయాల్సింది 10 దగ్గర.

అయిదు మిల్లీమీటర్లే కదా అంటారా? పంచింగ్ మెషిన్ చిల్లు మధ్య బిందువు అంచు నుంచి 12 మిల్లీమీటర్లు, చిల్లు వెడల్పు 6. అంటే చిల్లు 15 దాకా వస్తుంది. ఎడమ మార్జిన్ 20 ఉంటే ఫ్రేముకి 5 దూరంలో ఆగేది. నేను 15కి తగ్గించిన షీటులో సరిగ్గా ఫ్రేము గీతనే కొరికింది. మా తమ్ముడు రాత్రి పదింటికి వచ్చి ఫైల్ తెరిచి మొదట చూసింది అదే. "అన్నా, ఇది తీసుకెళ్తే రిజెక్ట్ చేస్తారు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, మన దగ్గర డూప్లికేట్ సెట్ ఉంది కదా. రెండుసార్లు పంపిన పుణ్యం. ఆ రెండు ఏ3లు ఇంకా కోయలేదు. ఈసారి స్కేలు మా తమ్ముడే పట్టుకున్నాడు, ఎడమ షీటు ఫ్రేము నుంచి 10 కొలిచి కోశాడు. మిగిలిన పది డూప్లికేట్ షీట్ల డబ్బులు నేనే కట్టాను. అన్న వాటి వెనకవైపు ఖాళీగా ఉందని పక్కనున్న స్కూలు పిల్లలకి చార్టుల కోసం ఇచ్చేశాడు.